మైనస్ రెండు అద్దం అసలేం చేస్తుంది? ఒక లెన్స్, ఒక డ్రాయింగ్ షీట్, ఒక పాత కళ్ళజోడుతో క్లాసులో చూపించే పద్ధతి

పదో తరగతిలో కటకాల పాఠం అయిపోయాక కన్ను పాఠం వస్తుంది, మనం కూడా రెండూ వేర్వేరు పాఠాల్లాగే చెప్పేసి ముందుకెళ్ళిపోతాం. పిల్లలు కిరణ చిత్రం గీస్తారు, హ్రస్వదృష్టికి పుటాకార కటకం అని రాస్తారు, మార్కులు పడిపోతాయి. కానీ మొదటి బెంచీలో కళ్ళజోడు పెట్టుకున్న పిల్లనే లేపి "అమ్మా, నీ అద్దం లేకపోతే బోర్డు మసగ్గా ఉంటుంది కదా, అద్దం పెట్టగానే ఏం జరిగింది" అని అడిగితే "కాంతిని వికేంద్రీకరిస్తుంది సార్" అని చెప్పి ఆగిపోతుంది. వికేంద్రీకరిస్తే ఇంకా మసగ్గా అవ్వాలి కదా, క్లియర్ ఎందుకైంది అంటే జవాబు రాదు. ఆ జవాబు పిల్లలే కళ్ళతో చూసేలా ఒకటిన్నర పీరియడ్‌లో చేసే పద్ధతి ఇక్కడ రాస్తున్నా. అంతా ఒకే కేసు మీద నడుస్తుంది, మైనస్ రెండు సైట్ ఉన్న ఒక కన్ను, దాన్ని బల్ల మీద మనమే తయారు చేస్తాం.

కావలసినవి

20 సెం.మీ. నాభ్యంతరం ఉన్న కుంభాకార లెన్స్ ఒకటి, దాన్ని నిలబెట్టడానికి వి-స్టాండ్, మీటర్ స్కేలు, తెల్ల డ్రాయింగ్ షీట్ అంటించిన అట్ట ఒకటి (ఇదే మన తెర), మొబైల్ టార్చ్, కొంచెం నల్ల చార్టు, ఇంకా మైనస్ రెండు పవర్ ఉన్న కళ్ళద్దం. 10 సెం.మీ. లెన్స్ కూడా ల్యాబుల్లో ఉంటుంది కానీ దీనికి అది వద్దు, దానితో చేస్తే మైనస్ రెండు అద్దం పెట్టినా ప్రతిబింబం రెండున్నర సెంటీమీటర్లే జరుగుతుంది, వెనక బెంచీల వాళ్ళకి ఏమీ తెలీదు. 20 సెం.మీ. లెన్స్‌తో అయితే ఏకంగా 13 సెంటీమీటర్లు జరుగుతుంది.

అద్దం సంగతి కొంచెం చూసుకోవాలి. ఎవరింట్లో అయినా వాడకుండా పడేసిన జోడు ఉంటుంది, లేదా కళ్ళజోళ్ళ షాపులో అడిగితే ఫ్రేముకి కట్ చేయని గుండ్రటి అద్దం సింగిల్‌గా ఇస్తారు, అదైతే ఇంకా మంచిది. పాత జోడు తెచ్చుకుంటే ముందు రెండు చెకింగులు చేయండి. చేయి చాపి అద్దాన్ని కంటికి దూరంగా పట్టుకుని దాంట్లోంచి దూరంగా ఉన్న కరెంటు స్తంభాన్ని చూస్తూ అద్దాన్ని మెల్లగా కుడికి జరపండి, స్తంభం కూడా అద్దంతో పాటే కుడికి జరిగినట్టు కనిపిస్తే అది మైనస్, ఎదురు దిక్కుకి జరిగితే ప్లస్. తర్వాత అద్దాన్ని జరపకుండా స్టీరింగ్ తిప్పినట్టు తిప్పండి. స్తంభం నిటారుగానే ఉంటే ఓకే, అద్దంలో కనిపించే ముక్క ఒక పక్కకి వాలిపోతుంటే దాంట్లో సిలిండర్ పవర్ కూడా ఉన్నట్టు, అది మన పనికి రాదు, తెర మీద నిలువు గీతలు ఒకచోట అడ్డ గీతలు ఇంకోచోట ఫోకస్ అయ్యి పిల్లల్ని అయోమయంలో పడేస్తుంది.

గదిలో ఒక్క కిటికీ తప్ప మిగతావన్నీ మూసేయండి. ఆ కిటికీలోంచి ఎండ పడుతున్న చెట్టో, అవతలి బిల్డింగో కనిపించాలి, అది కనీసం ఇరవై ముప్పై మీటర్ల దూరంలో ఉండాలి, ఎందుకో తర్వాత చెప్తా. సూర్యుడి వైపు మాత్రం లెన్స్ పెట్టొద్దు, పెట్టనివ్వొద్దు, లెన్స్‌లోంచి సూర్యుణ్ణి చూడటం అసలే వద్దు.

మొదటి స్టెప్: ప్రతిబింబం ఎలా వస్తుందో చూడటం

లెన్స్‌ని కిటికీ వైపు తిప్పి వెనకాల అట్టని ముందుకీ వెనక్కీ జరపండి. 20 సెం.మీ. దగ్గరకి రాగానే చెట్టు, బిల్డింగు, ఆకాశం అన్నీ రంగులతో సహా తలకిందులుగా తెర మీద పడతాయి. కుడి ఎడమలు కూడా తారుమారవుతాయి, బయట స్కూటర్ ఎడమ నుంచి కుడికి వెళ్తుంటే తెర మీద కుడి నుంచి ఎడమకి వెళ్తుంది. పిల్లలకి ఇది చాలా నచ్చుతుంది, ఒక రెండు నిమిషాలు వదిలేయండి.

ఇప్పుడు అసలు ప్రశ్న. చార్టు ముక్కతో లెన్స్ పై సగం మూసేస్తే తెర మీద ఏమవుతుంది? మూయకముందే చేతులెత్తించండి. ఎక్కువమంది "సగం బొమ్మ పోతుంది" అంటారు, ఎందుకంటే పుస్తకంలో చెట్టు కొన నుంచి రెండు కిరణాలు గీసి, ఒకటి సమాంతరంగా పైనుంచి, ఇంకోటి కేంద్రం గుండా వెళ్ళి కలిసినట్టు చూపిస్తాం కదా, పైది మూస్తే ఆ కిరణం ఆగిపోయింది, ఇక ప్రతిబింబం ఎలా వస్తుంది అని వాళ్ళ లెక్క. ఇప్పుడు మూసి చూపించండి. బొమ్మ మొత్తం అలాగే ఉంటుంది, వెలుతురు మాత్రం తగ్గుతుంది. కింది సగం మూసినా అంతే, మధ్యలో రూపాయి బిళ్ళంత చోటు మూసినా అంతే.

దీన్నుంచి చెప్పాల్సిన విషయం ఒకటే, కానీ పాఠం మొత్తానికి పునాది ఇదే. చెట్టు మీద ఏదో ఒక ఆకు తీసుకోండి. ఆ ఆకు మీద ఒక్కో బిందువు నుంచి కాంతి అన్ని వైపులకీ వెళ్తుంది, దాంట్లో లెన్స్ మీద పడినదంతా, అంటే లెన్స్ పై అంచు నుంచి కింది అంచు దాకా ఎన్ని కిరణాలు పడితే అన్నిటినీ, లెన్స్ వంచి వెనక ఒకే బిందువు దగ్గరకి చేరుస్తుంది. పక్క ఆకు నుంచి వచ్చినవన్నీ పక్క బిందువు దగ్గర చేరతాయి. ఇలా వస్తువు మీద ఉన్న ప్రతి బిందువుకీ వెనకాల ఒక బిందువు దొరికితే వాటన్నిటి కలయికే ప్రతిబింబం. మనం గీసే రెండు కిరణాలు ప్రతిబింబాన్ని తయారు చేయవు, అవి ఎక్కడ కలుస్తాయో లెక్క వేయడం మనకి ఈజీ కాబట్టి వాటిని గీస్తాం, అంతే. లెన్స్ కన్నా వస్తువు పెద్దదైతే పై నుంచి సమాంతరంగా గీసిన కిరణం నిజానికి లెన్స్‌కి తగలనే తగలదు, అయినా డయాగ్రమ్ కరెక్టే.

ఇంకొక్కటి చేయండి, చాలామంది వదిలేస్తారు. తెర తీసేయండి. తెర ఉన్న చోటుకి ఇంకో అడుగు వెనక్కి వచ్చి లెన్స్ వైపు ఒక కన్నుతో చూస్తే తలకిందుల చెట్టు గాల్లో, లెన్స్‌కి ఇవతల నిలబడి కనిపిస్తుంది. అంటే కిరణాలు ఆ బిందువు దగ్గర కలిసి ఆగిపోవట్లేదు, దాటి ముందుకెళ్ళి మళ్ళీ విడిపోతున్నాయి. పిల్లల డయాగ్రముల్లో కిరణాలు ప్రతిబింబం దగ్గర టక్కున ఆగిపోతాయి, అక్కడ దాటించి గీయమని ఇప్పుడే చెప్పేయండి, హ్రస్వదృష్టి అర్థం కావడానికి ఆ దాటిన ముక్కే కావాలి.

రెండో స్టెప్: వస్తువు దగ్గరకొస్తే ప్రతిబింబం వెనక్కి పోతుంది

కిటికీ మూసి మొబైల్ టార్చ్ తీసుకోండి, టార్చ్ మీద నల్ల కాగితం అంటించి అందులో బాణం గుర్తు కోస్తే ఇంకా బాగుంటుంది. లెన్స్‌కి ఒక మీటరు దూరంలో పెట్టండి, తెర 25 సెం.మీ. దగ్గర క్లియర్ అవుతుంది. 60 సెం.మీ. కి తెస్తే 30 దగ్గర. 50 కి తెస్తే 33 దగ్గర. 40 కి తెస్తే సరిగ్గా 40 దగ్గర, బాణం అసలు సైజులోనే. 30 కి తెస్తే 60 కి పోతుంది, బాణం డబుల్ సైజు. సూత్రంలో పెట్టి ఒక్కటి బోర్డు మీద చేయించండి:

```
1/v - 1/u = 1/f
u = -50, f = +20
1/v = 1/20 - 1/50 = 3/100
v = 33.3 cm
```

ఈ 50, 33 జంటని బోర్డు మూలలో రాసి ఉంచండి, చెరపొద్దు, మళ్ళీ వస్తాం. ఇక్కడ పిల్లలకి ఎక్కాల్సింది ఏంటంటే, లెన్స్ మారకపోతే దూరపు వస్తువులు లెన్స్‌కి దగ్గరగా ఫోకస్ అవుతాయి, దగ్గరి వస్తువులు లెన్స్‌కి దూరంగా ఫోకస్ అవుతాయి. లెన్స్ వంచే శక్తి మారలేదు, దగ్గరి వస్తువు నుంచి వచ్చే కిరణాలు ఎక్కువ విచ్చుకుని వస్తున్నాయి, వాటిని కలపడానికి అదే లెన్స్‌కి ఎక్కువ దూరం పడుతోంది.

మూడో స్టెప్: సైట్ ఉన్న కన్ను తయారు చేయడం

లెన్స్ కంటి లెన్స్, తెర రెటీనా అనుకుందాం. కిటికీ మళ్ళీ తెరిచి తెరని 20 సెం.మీ. దగ్గర పెట్టి చెట్టు క్లియర్‌గా తెప్పించండి. ఇది సైట్ లేని కన్ను, రిలాక్స్‌గా దూరం చూస్తోంది.

ఇప్పుడు లెన్స్‌ని ముట్టుకోకుండా తెరని 33 సెం.మీ. కి వెనక్కి జరపండి. చెట్టు మొత్తం మాయం, ఏదో పచ్చటి తెల్లటి మరకలు మాత్రం మిగులుతాయి. హ్రస్వదృష్టి అంటే చాలామంది పిల్లల్లో నిజంగా జరిగేది ఇదే, కనుగుడ్డు ముందు నుంచి వెనక్కి పొడవు పెరుగుతుంది, రెటీనా వెనక్కి జరిగిపోతుంది, ప్రతిబింబం రెటీనాకి ముందే పడిపోతుంది. పుస్తకంలో "ప్రతిబింబం రెటీనాకి ముందు ఏర్పడుతుంది" అని ఒక్క లైన్ ఉంటుంది, పిల్లలు అది చదివి "అయితే రెటీనా మీద ఏమీ పడదా" అనుకుంటారు. పడుతుంది. 20 దగ్గర కలిసిన కిరణాలు దాటి విడిపోతూ 33 దగ్గరకి వచ్చేసరికి ఒక్కో బిందువూ ఒక పెద్ద గుండ్రటి మరక అయిపోతుంది. ఎంత పెద్ద మరక? లెన్స్ వెడల్పు 5 సెం.మీ. అనుకుంటే, 20 సెం.మీ. లో 5 నుంచి సున్నాకి వచ్చింది, ఇంకో 13.3 సెం.మీ. పోయాక అదే నిష్పత్తిలో 3.3 సెం.మీ. అవుతుంది. చెట్టు మీద ప్రతి బిందువూ మూడు సెంటీమీటర్ల పైన గుండ్రం అయ్యి ఒకదాని మీద ఒకటి పడితే ఏం కనిపిస్తుంది చెప్పండి, మసక అంటే అదే.

తెర 33 దగ్గరే ఉంచి టార్చ్ తీసుకుని దూరం నుంచి మెల్లగా లెన్స్ వైపు రమ్మని ఒక అబ్బాయికి చెప్పండి. రెండు మీటర్ల దగ్గర మసక, మీటరు దగ్గర మసక, 50 సెం.మీ. కి రాగానే బాణం టక్కున క్లియర్. బోర్డు మూల రాసిన 50, 33 ఇదే. ఈ కన్నుకి దూరం కనిపించదు, అర మీటరు దగ్గర మాత్రం శుభ్రంగా కనిపిస్తుంది. ఈ 50 సెం.మీ. నే మన పుస్తకంలో గరిష్ఠ దూర బిందువు అంటాం. కళ్ళజోడు పిల్లల్ని జోడు తీయమని, పుస్తకం ముఖం దగ్గర నుంచి మెల్లగా దూరం జరపమంటే అక్షరాలు చెదరడం మొదలయ్యే చోటు వాళ్ళకీ ఒకటి దొరుకుతుంది, స్కేలుతో కొలిపించండి, సరదా పడతారు (ఇది డాక్టర్ టెస్టుకి బదులు కాదు, సిలిండర్ ఉన్నవాళ్ళకి లెక్క కలవదు).

నాలుగో స్టెప్: అద్దం పెట్టడం

తెర 33 దగ్గరే. లెన్స్‌కి ముందు, వీలైనంత దగ్గరగా, మైనస్ రెండు అద్దం పట్టుకోండి. కిటికీ బయటి చెట్టు తెర మీదకి తిరిగొచ్చేస్తుంది. కొంచెం అటూ ఇటూ అయితే తెరని అర సెంటీమీటరు సర్దుకోండి, అద్దానికీ లెన్స్‌కీ మధ్య ఖాళీ వల్ల ఆ తేడా వస్తుంది. అద్దం తీస్తే మసక, పెడితే క్లియర్, ఒక నాలుగైదు సార్లు పెట్టి తీసి చూపించండి, క్లాసు మొత్తం నిశ్శబ్దంగా చూసే ఒకే ఒక్క సీన్ ఈ పాఠంలో ఇదే.

ఇక "వికేంద్రీకరిస్తే క్లియర్ ఎలా అయింది" అన్న ప్రశ్నకి జవాబు. దీన్ని రెండు రకాలుగా చెప్పొచ్చు, రెండూ ఒకటే, కానీ క్లాసులో ఏది ముందు చెప్తామో దాన్నిబట్టి అర్థం కావడం ఆధారపడుతుంది.

మొదటిది పవర్ లెక్క. 20 సెం.మీ. లెన్స్ పవర్ అంటే వందని ఇరవైతో భాగిస్తే 5 డయాప్టర్లు. తెర 33.3 సెం.మీ. దగ్గర ఉన్నప్పుడు దూరపు వస్తువుకి కావలసింది వంద బై 33.3, అంటే 3 డయాప్టర్లే. కన్ను అవసరానికి మించి రెండు డయాప్టర్లు ఎక్కువ వంచుతోంది, అద్దం ఆ రెండూ తీసేస్తుంది, 5 − 2 = 3. అద్దం ఒక్కటే ఉంటే కిరణాలు ఎప్పటికీ కలవవు, నిజమే, కానీ దాని వెనక 5 డయాప్టర్ల లెన్స్ ఉంది, అది కలుపుతుంది, కాకపోతే కాస్త ఆలస్యంగా కలుపుతుంది. మనకి కావలసింది ఆ ఆలస్యమే.

రెండోది నాకు ఎక్కువ నచ్చేది. ఈ కన్నుకి 50 సెం.మీ. దగ్గర ఉన్న వస్తువు క్లియర్‌గా కనిపిస్తుందని మనం టార్చ్‌తో చూశాం. మైనస్ రెండు అద్దం నాభ్యంతరం ఎంత? వందని రెండుతో భాగిస్తే 50 సెం.మీ. ఎక్కడో దూరంలో ఉన్న చెట్టు నుంచి సమాంతరంగా వచ్చిన కిరణాలు ఈ అద్దం దాటాక, ముందు 50 సెం.మీ. దగ్గర ఉన్న ఒక బిందువు నుంచి బయల్దేరినట్టు విచ్చుకుని వస్తాయి. అంటే అద్దం ఆ చెట్టుకి 50 సెం.మీ. దగ్గర ఒక చిన్న నిటారు మిథ్యా ప్రతిబింబాన్ని పెట్టింది, కన్ను చూసేది దాన్నే. కంటిని అద్దం బాగుచేయలేదు, రెటీనా ఉన్నచోటే ఉంది, లెన్స్ మారలేదు. దూరపు ప్రపంచాన్నే తెచ్చి కన్ను చూడగలిగిన దూరంలో పెట్టింది. టార్చ్ 50 దగ్గర ఉన్నప్పుడూ, అద్దం పెట్టినప్పుడూ తెర ఒకే చోట ఉందని పిల్లలకి గుర్తు చేస్తే ఇక వేరే వివరణ అక్కర్లేదు.

1604 లో కెప్లర్ ప్రచురించిన పుస్తకంలోనే ప్రతిబింబం రెటీనా మీద పడుతుందని, హ్రస్వదృష్టిలో అది ముందే ఫోకస్ అవుతుందని, పుటాకార కటకం దాన్ని సరిచేస్తుందని ఉంది. కళ్ళజోళ్ళు మాత్రం అంతకు మూడు వందల ఏళ్ళ ముందు నుంచే ఇటలీలో వాడుతున్నారు, ఎందుకు పనిచేస్తున్నాయో తెలీకుండానే.

చెట్టు దూరంగా ఉండాలని మొదట్లో ఎందుకన్నానంటే, చాలామంది గదిలో అవతలి గోడ మీద ట్యూబ్‌లైట్‌తో ఈ ప్రయోగం చేసి "లెక్క కలవట్లేదు" అంటారు. 5 మీటర్ల దూరం అంటే లెక్కలో 0.2 డయాప్టర్, అది 3 లోంచి పోతే 2.8 మిగులుతుంది, ప్రతిబింబం 33 దగ్గర కాకుండా దాదాపు 36 దగ్గర పడుతుంది. ముప్పై మీటర్ల చెట్టుతో అయితే ఆ తేడా అర సెంటీమీటరు కూడా ఉండదు.

అద్దం పవర్ ఎంతో తెలీకపోతే ఇదే సెటప్‌తో కనుక్కోవచ్చు కూడా. అద్దం పెట్టి చెట్టు క్లియర్ అయ్యేదాకా తెర జరిపి వందని ఆ దూరంతో భాగించి, వచ్చినదాంట్లోంచి 5 తీసేయండి. 25 దగ్గర క్లియర్ అయితే 4 − 5, మైనస్ ఒకటి. 40 దగ్గర అయితే మైనస్ రెండున్నర. 50 దగ్గర అయితే మైనస్ మూడు. మైనస్ అయిదు అద్దం వస్తే మాత్రం తెర ఎంత జరిపినా ఏమీ రాదు, లెన్స్ పవరూ అద్దం పవరూ కొట్టుకుపోయి మామూలు గాజు పలకలా అయిపోతాయి.

అయిదో స్టెప్: కళ్ళు చికిలించి చూస్తే ఎందుకు కనిపిస్తుంది

ఇది చిన్న స్టెప్, కానీ సైట్ ఉన్న పిల్లలు బాగా ఎంజాయ్ చేస్తారు, వాళ్ళు రోజూ చేసేదే కదా. అద్దం తీసేయండి, తెర 33 దగ్గర, మసక. నల్ల చార్టులో అర సెంటీమీటరు రంధ్రం చేసి లెన్స్‌కి ఆనించి పెట్టండి. చెట్టు ఆకారం, బిల్డింగు అంచులు మళ్ళీ కనిపిస్తాయి, బాగా డిమ్‌గా. లెన్స్ 5 సెం.మీ. నుంచి అర సెంటీమీటరుకి తగ్గింది కాబట్టి ఒక్కో బిందువు మరక కూడా పదో వంతుకి, 3 మి.మీ. చిల్లరకి తగ్గింది. ఫోకస్ మారలేదు, మరక చిన్నదైంది, అంతే. కళ్ళు చికిలిస్తే రెప్పల మధ్య సందు చేసే పని ఇదే. అదే సాయంత్రం వెలుతురు తగ్గితే కంటిపాప పెద్దదవుతుంది, మరక పెరుగుతుంది, అందుకే తక్కువ సైట్ ఉన్నవాళ్ళు పగలు ఎలాగో నెట్టుకొచ్చినా చీకటి పడ్డాక బస్సు బోర్డు చదవలేక ఇబ్బంది పడతారు. క్లాసులో ఎవరైనా బోర్డు చూసేటప్పుడు పదే పదే కళ్ళు చికిలిస్తుంటే కంటి పరీక్ష చేయించమని ఇంట్లో చెప్పండి.

పేపర్ మీద రాయడం

ప్రశ్న ఇలా వస్తుంది: ఒక వ్యక్తి 50 సెం.మీ. కన్నా దూరంలో ఉన్న వస్తువులను స్పష్టంగా చూడలేడు, ఏ కటకం, ఎంత సామర్థ్యం? వస్తువు అనంత దూరంలో, ప్రతిబింబం గరిష్ఠ దూర బిందువు దగ్గర, అదీ వస్తువు ఉన్న వైపే కాబట్టి మైనస్:

```
u = -∞,  v = -50 cm
1/f = 1/v - 1/u = -1/50 - 0
f = -50 cm
P = 100/f = -2 D
```

ఇక్కడ తప్పులు రెండే చోట్ల జరుగుతాయి. ఒకటి v కి మైనస్ పెట్టకపోవడం, ప్రతిబింబం రెటీనా మీద పడుతుంది కదా అని ప్లస్ వేసేస్తారు. ఈ లెక్క అద్దం గురించి, కంటి గురించి కాదు, అద్దం ఇచ్చే ప్రతిబింబం ముందే ఉంది అని చెప్పాలి, నాలుగో స్టెప్ చూసినవాడికి ఒక్క మాటతో అర్థమవుతుంది. రెండోది సెంటీమీటర్లలో ఉన్న f ని ఒకటి బై f లో అలాగే పెట్టి 0.02 అని రాయడం. ఏ కళ్ళజోడుకీ 0.02 పవర్ ఉండదు, షాపుల్లో పవర్లు 0.25 చొప్పున పెరుగుతాయి, అంతకన్నా చిన్న నంబర్ వస్తే ఎక్కడో తేడా కొట్టినట్టే.

డయాగ్రమ్‌లో గరిష్ఠ దూర బిందువు నుంచి అద్దం దాకా గీతలు చుక్కలుగా ఉండాలి, అక్కడ నిజమైన కిరణాలు లేవు. అద్దం మీద పడేవి సమాంతర గీతలు, గట్టి గీతలు. చాలామంది పిల్లలు ఆ బిందువు నుంచే గట్టి గీతలతో కిరణాలు బయల్దేరించేస్తారు.

పవర్ తప్పయితే

క్లాసులో టైముంటే ఇది చర్చించండి. మన మైనస్ రెండు కన్నుకి మైనస్ ఒకటిన్నర ఇచ్చారనుకోండి, ఇంకా అర డయాప్టర్ బాకీ ఉంది, అంటే 2 మీటర్ల దాకా క్లియర్, ఆ తర్వాత కొంచెం మసక. ముందు బెంచీ నుంచి బోర్డు కనిపిస్తుంది, వెనక నుంచి కనిపించదు. మైనస్ మూడు ఇచ్చారనుకోండి, చెట్టు మిథ్యా ప్రతిబింబం 33 సెం.మీ. దగ్గరకొచ్చి కూర్చుంటుంది. మన బల్ల మీద అయితే మసకైపోతుంది. నిజం కన్ను మాత్రం మోసం చేస్తుంది, చిన్నపిల్లల కంటి లెన్స్ తేలిగ్గా ఉబ్బి ఆ ఒక్క డయాప్టర్‌ని కలిపేసుకుంటుంది, పిల్లవాడు "ఇదే బాగుంది అంకుల్, అక్షరాలు నల్లగా ఉన్నాయి" అంటాడు, కానీ దూరం చూసేటప్పుడు కూడా కంటి కండరం పనిచేస్తూనే ఉంటుంది, తలనొప్పి రావచ్చు. అందుకే పిల్లలకి పవర్ చూసేముందు డాక్టర్లు కంట్లో చుక్కలు వేసి ఆ కండరాన్ని కాసేపు పనిచేయకుండా చేస్తారు, ఆ రోజు పుస్తకం చదవలేకపోవడానికి కారణం అదే.

మన మోడల్‌లో లేనిది కూడా ఇదే, ఉబ్బే లెన్స్. బల్ల మీద ఉన్నది రిలాక్స్ అయిన కన్ను మాత్రమే. ఇంకో తేడా కొలతల్లో ఉంది. పుస్తకం కంటి లెన్స్‌కీ రెటీనాకీ మధ్య దూరం 2.5 సెం.మీ. అని తీసుకుని నాభ్యంతరం 2.27 నుంచి 2.5 సెం.మీ. దాకా మారుతుందంటుంది, అది లెక్క సులువుగా ఉండటానికి. నిజం కన్ను సుమారు 24 మి.మీ. పొడవు, లోపలంతా ద్రవం, మొత్తం పవర్ 60 డయాప్టర్ల చుట్టుపక్కల, దాంట్లో మూడింట రెండు వంతులు ముందున్న కార్నియాదే. అంత పవర్ ఉన్నచోట పొడవు ఒక్క మిల్లీమీటరు పెరిగితే రెండున్నర మూడు డయాప్టర్ల సైట్ వచ్చేస్తుంది. మన బల్ల మీద 13 సెం.మీ. జరిపితే వచ్చిన మైనస్ రెండు, నిజం కంట్లో మిల్లీమీటరు కన్నా తక్కువ తేడాతో వస్తుందన్నమాట. కళ్ళజోడు ఆ పొడవుని తగ్గించదు, పెట్టుకున్నందుకు పెంచదు కూడా. ఎదిగే వయసు కాబట్టి కన్నూ పెరుగుతుంది, నంబర్ మారుతుంది, ఏడాదికోసారి చూపించాలి.

తర్వాతి పీరియడ్‌కి సెటప్ తీసేయకండి. తెరని 20 నుంచి వెనక్కి కాకుండా ముందుకి, 16.7 సెం.మీ. కి జరిపితే కావలసిన పవర్ 6, ఉన్నది 5. ఒక ప్లస్ ఒకటి అద్దం తెచ్చి పెట్టుకుంటే దీర్ఘదృష్టి కూడా ఇదే బల్ల మీద అయిపోతుంది.